ఆమె తీసేసిన మాట

ఫ్రీమాంట్‌లో చెరువు చుట్టూ నడిచే దారి పక్కన ఒక చెక్క బెంచీ ఉంది. దాని వీపుకి బిగించిన ఇత్తడి పలక మీద వదిన పేరు, దాని కింద రెండు ఇంగ్లిష్ వాక్యాలు ఉన్నాయి. "మై గర్ల్, యూ కేమ్ హోమ్. ద డోర్ వాజ్ నెవర్ లాక్డ్." ఆ మాటలు వదినవని చదివినవాళ్ళు అనుకుంటారు. కావు, అవి నావి. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదని ఊరుకున్నాను.

వదిన అంటే నా స్నేహితుడి భార్య. అతను పోయి చాలా కాలమైంది. ఆవిడ ఒక మందుల షాపులో పనిచేస్తూ, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, తెలుగులో కవితలు రాసేది. నెలకొకసారి మేం ఏడెనిమిది మందిమి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చునేవాళ్ళం. పులిహోర, టీ, తర్వాత కవితలు. ఆ కూడికలో ఒక కట్టుబాటు ఉండేది. కవిత చదివినవాళ్ళని "ఇది ఎవరి గురించి?" అని అడగకూడదు. అడిగినవాళ్ళు గిన్నెలన్నీ కడగాలి. కట్టుబాటు పెట్టింది వదినే.

ఆవిడ చివరగా చదివిన కవిత ఇది.

తలుపు దగ్గర నిలబడ్డావు
తడి కాళ్ళతో, తల వంచుకుని.
తాళం ఎప్పుడో తీసిపెట్టాను.
తిన్నావా అని మాత్రం అడుగుతాను,
మిగతావన్నీ చల్లారనీ.
వెళ్ళొస్తానన్న మాట
ఇంకా గడప మీదే ఉంది.

మొదటిసారి చదివినప్పుడు మొదటి పాదం "తలుపు దగ్గర నిలబడ్డావు తల్లీ" అని ఉండేది. మరుసటి నెల మళ్ళీ చదివితే ఆ 'తల్లీ' లేదు. నాకు అది బాగుండేది, చెవికి కూడా అతికినట్టు ఉండేది. ఆ రోజు ఆవిడని ఇంటి దగ్గర దింపుతూ కారులో అడిగేశాను.

"వదినా, ఆ మాట ఎందుకు తీసేశారు? అసలు ఆ తలుపు దగ్గర ఎవరు?"

"గిన్నెలు కడుగుతావా?" అంది.

"కడుగుతా, చెప్పండి."

సీటు బెల్టు విప్పుకుంది. "అది ఉంటే, మిగతావాళ్ళంతా బయటే ఆగిపోతున్నారయ్యా. ఒక్కోరోజు ఒక్కొక్కళ్ళు వచ్చి నిలబడతారు. మీ అన్నయ్య కూడా వస్తాడు. ఒక్కోసారి బయట నిలబడింది నేనేనేమో అనిపిస్తుంది. రావడమో, పోవడమో, అదీ చెప్పను."

తర్వాత ఆ కవితని ఇంగ్లిష్‌లోకి మార్చింది నేనే. ఇంతకన్నా స్పష్టంగా ఏ కవీ అనువాదకుడికి చెప్పడు. అంటే నేను తెలియక తప్పు చేయలేదు.

వదిన చివరి రోజున కూతురు సన్నీవేల్ నుంచి వచ్చింది. తల్లీకూతుళ్ళకి అంతకుముందు చాలా కాలంగా మాటల్లేవు. పెళ్ళి కాకుండా ఒకబ్బాయితో ఉంటున్నందుకు వదిన ఒక మాట అంది, అమ్మాయి తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. ఆస్పత్రికి వచ్చేసరికి వదినకి స్పృహ లేదు. ఆ చివరి నెలల్లో దగ్గర ఉన్నది కొడుకు. దూరాన చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఉద్యోగం, ఇంటి నుంచి పని చేస్తానని బతిమాలి వచ్చి, వంటా మందులూ చూసుకున్నాడు.

సంస్మరణ సభకి ముందు అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"అంకుల్, అమ్మ లాస్ట్ పోయెమ్ ఇంగ్లిష్‌లో మీరే చెయ్యాలి. నాకు తెలుగు రీడింగ్ రాదు కదా. మా ఫ్రెండ్స్ అందరూ వస్తారు. ఐ జస్ట్ వాంట్ టు నో వాట్ షి సెడ్."

ఆ చివరి వాక్యంలో ఆ పిల్ల గొంతు ఎలా ఉందో రాయలేను. ఆ గొంతు చెవిలో పెట్టుకునే పనికి కూర్చున్నాను.

అనువాదంలో పోవాల్సింది ముందే పోయింది. తలుపు, తడి, తల, తాళం, తిన్నావా. పాదం పాదానికీ 'త' వచ్చి తగులుతుంటే, ఎవరో మునివేళ్ళతో తలుపు తడుతున్నట్టు ఉంటుంది. తలుపు తడుతున్నారని కవితలో ఎక్కడా లేదు, ఆ చప్పుడు మాత్రమే ఉంది. 'చల్లారనీ' దగ్గరికి వచ్చేసరికి అది ఆగిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటలన్నీ వేరు వేరు అక్షరాలతో మొదలవుతాయి. తలుపుకీ తలకీ తాళానికీ అక్కడ చుట్టరికం లేదు. కొన్ని రోజులు వెతికాను. ఒకే అక్షరంతో మాటలు దొరికాయి గానీ, వాటికోసం తడి కాళ్ళని వదిలెయ్యాల్సి వచ్చింది. కాళ్ళు ఉంచుకుని చప్పుడు వదిలేశాను. ఈ నష్టానికి నన్ను నేను నిందించుకోను.

'తిన్నావా' ఇంకో రకం. మన ఇళ్ళల్లో ఎంత పెద్ద గొడవ తర్వాతైనా ముందు పడే మాట అదే. క్షమించమనీ అనదు, క్షమించాననీ అనదు. ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో పెడితే హోటల్లో అడిగినట్టుంది. 'వెళ్ళొస్తాను' మరీ కష్టం. గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అంటే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు, తిరిగి వస్తాననే మాట అందులోనే ఉండాలి. గుడ్ బై అంటే రావడం పోయింది. మళ్ళీ వస్తాను అని రాస్తే బెదిరించినట్టుంది. ఈ రెండింటికీ ఒక్కో చిన్న వివరణ కింద పెట్టి ఉంటే సరిపోయేది. సభలో వివరణలు ఎవరు చదువుతారని వదిలేశాను.

ఇంతవరకూ భాషల మధ్య దూరం. నేను చేసింది ఆ తర్వాత.

'నిలబడ్డావు' అన్నదాంట్లో ఆడో మగో లేదు. ఇంగ్లిష్ 'యూ'లోనూ లేదు. వచ్చి నిలబడ్డారో, వెళ్తూ నిలబడ్డారో వదిన చెప్పలేదు. ఇంగ్లిష్‌లోనూ చెప్పకుండా ఉండొచ్చు. వెళ్ళొస్తానన్నది లోపలి మనిషో బయటి మనిషో అక్కడా తేలకుండా ఉంచొచ్చు. ఏ భాషా నన్ను బలవంతపెట్టలేదు. తెరిచి ఉంచడానికి దారి ఉన్నచోటే నేను మూశాను. నిలబడ్డావు అన్నదాన్ని ఇంటికొచ్చావు అని చేశాను. 'చల్లారనీ' అన్నదాన్ని అంతా క్షమించాను అని రాశాను. వదిన కొట్టేసిన 'తల్లీ'ని తీసుకొచ్చి 'మై గర్ల్' అని మొదట్లోనే కూర్చోబెట్టాను. ఇంకా చల్లారుతున్నదాన్ని చల్లారిపోయిందని చెప్పాను.

అమ్మాయి సభలో దాన్ని చదివి ఏడ్చింది. తర్వాత నా చేతులు పట్టుకుంది. నాకు గర్వంగా అనిపించింది, ఆ మాట కూడా దాచను. బెంచీ పెట్టించాలనుకున్నప్పుడు పార్కువాళ్ళు పలక మీద ఇన్ని అక్షరాలే పడతాయన్నారు. గడప మీద ఆగిన మాట ఉన్న చివరి పాదాలు అలా పోయాయి. పలక మీద మిగిలింది నేను కల్పించిన భాగమే.

కొడుకు సభలో ఏమీ అనలేదు. బెంచీ దగ్గరికి ఒక్కసారి వచ్చి, ఆ తర్వాత అక్క పిలిచినా పని ఉందంటూ రావడం మానేశాడు. ఈ వేసవిలో బే ఏరియాకి వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాక, కప్పు కడిగి పెట్టి, అప్పుడు అడిగాడు.

"అంకుల్, ఒకటి అడగనా? ఫీలవ్వకండి. అమ్మ 'మై గర్ల్' అందా?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఎందుకంటే అమ్మ ఆ పోయెమ్ కిచెన్‌లో ప్రాక్టీస్ చేసేది. నేను దోసెలు వేస్తుంటే. 'తిన్నావా' అన్నప్పుడు నా వైపు చూసేది. ఐ థాట్... నాకు తెలుగు సరిగా రాదు, సో మేబీ నేనే రాంగ్. అక్కకే అయితే ఇట్స్ ఫైన్. నాకు తెలిస్తే చాలు."

ఇట్స్ ఫైన్ అన్నవాడు కప్పుని మళ్ళీ కడిగాడు.

"నువ్వు సరిగానే విన్నావు నాన్నా" అన్నాను. "ఆ మాట నేను పెట్టాను."

ఆ సాయంత్రం అతన్ని ఎక్కించుకుని కారు స్టార్ట్ చేశాను. ఫోన్ కారుకి కలిసిందంటే అందులో ఏదో ఒక పాత ఆడియో దానంతటదే మొదలవుతుంది. చాలాసార్లు ఆ ఒక్కటే. వదిన నాకు పంపిన వాయిస్ మెసేజ్. ఖాళీ పార్కింగ్ లాట్‌లో, ఆఫీసు ముందు, ఎక్కడైనా, నేను తాళం తిప్పగానే ఆవిడ గొంతు "తలుపు దగ్గర నిలబడ్డావు" అంటుంది. నేను ఎప్పుడూ రెండో పాదానికల్లా ఆపేస్తాను. ఆ రోజు ఆపలేదు. చివర గడప మీదే ఉంది అన్నాక కాస్త నిశ్శబ్దం, వెనకాల చుయ్‌మన్న చప్పుడు.

"దోసె అది" అన్నాడు. "నాదే."

అమ్మాయిని బెంచీ దగ్గరికి రమ్మన్నాం. తను ఆ పలక పక్కన కూర్చుంది, నేను నిలబడే చెప్పాను. ఫోన్‌లో పాదం పాదం వినిపించి, ఏది పోయిందో, ఏది నేను తీసేశానో, ఏది కలిపానో చెప్పాను. కారులో వదిన అన్నదీ చెప్పాను. ఆ పిల్ల మొహంలోంచి ఒక్కొక్కటే వెళ్ళిపోవడం చూశాను.

"సో షి డిడ్న్ట్ ఫర్గివ్ మీ."

"క్షమించలేదని అనలేదు. క్షమించాననీ అనలేదు. తిన్నావా అని అడుగుతానంది."

"ఫస్ట్ వెర్షన్‌లో నేను ఉన్నాను. తర్వాత నన్ను తీసేసింది. అంతే కదా అంకుల్?"

ఓదార్చడానికి ఏదన్నా అంటే అది మళ్ళీ నా అనువాదమే అవుతుంది.

తమ్ముడు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "అక్కా, కొంచెం జరుగు."

"వాట్?"

"జరగవే. మొత్తం నువ్వే కూర్చున్నావు."

ఆమె అతన్ని చూసి, చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుని పక్కకి జరిగింది. అతను కూర్చున్నాడు. ఇద్దరి వీపుల వెనకాల పలక కనిపించడం మానేసింది. "ఇంకోసారి పెట్టండి అంకుల్" అంది ఆమె. పెట్టాను. ఈసారి అర్థం చెప్పలేదు.

పలక మార్పిస్తానన్నాను, ఖర్చు నాదే అన్నాను. అక్కాతమ్ముళ్ళు ఇంకా ఏమీ తేల్చలేదు. నేను మాత్రం రోజూ నడకలో ఆ పక్కగా పోతూ, 'మై గర్ల్' దగ్గర చూపు తిప్పుకుంటాను. బెంచీ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉన్నా, కూర్చోను. ఇంటికి వెళ్దామని కారు తాళం తిప్పేముందు ఒక్క క్షణం ఆగుతాను. తిప్పగానే ఆవిడ గొంతు మొదలుపెడుతుంది. నిలబడ్డావు అన్నది ఎవరినో నాకు తెలియదు, అడగను కూడా.