కొట్టేసిన లెక్క

జీవితమంతా జవాబుపత్రాలు దిద్దీ దిద్దీ లెక్కలమ్మకు ఎర్రసిరా అంటేనే మొహం మొత్తింది. అయినా ఏటా వాల్యుయేషన్ క్యాంపు నుంచి చీఫ్ ఎగ్జామినర్‌గా పిలుపొస్తే, పెళ్లికి వెళుతూ పిల్లిని చంకనబెట్టుకున్నట్టు నడుంనొప్పిని వెంటేసుకుని వస్తుంది.

ఆ సాయంత్రం కట్టలకు సీళ్లు వేయబోతుంటే క్యాంపు ఆఫీసరు ఫోన్ పట్టుకొచ్చాడు. ఒక పరీక్షా కేంద్రం వాళ్లు ప్రశ్నపత్రం ఫొటో పంపారట. భుజాలు 5, 12, 13 సెంటీమీటర్లున్న త్రిభుజం వైశాల్యం ఎంతన్నది ప్రశ్న. ఫొటోలో పన్నెండు చోట ఉత్త రెండే ఉంది.

"కాగితం మడతపడి ఒకటి కనబడట్లేదేమో, మేడమ్."

"ఫొటోతో మనకేం పని? పిల్లలు ఏమని రాసుకున్నారో చూడండి."

ఆ కేంద్రం కట్ట విప్పారు. అందరూ రెండే రాశారు. ఐదూ రెండూ కలిస్తే ఏడే. పదమూడుకు ఎక్కడ అందుతాయి? అది త్రిభుజమే కాదు. బోర్డుకు ఫోన్ చేస్తే జవాబు వెంటనే వచ్చింది: ప్రయత్నించినవాళ్లకు నాలుగు మార్కులూ ఇవ్వాలి, వదిలేసినవాళ్లకు లేవు, దేన్ని ప్రయత్నమనాలో చీఫ్ రాసి పంపాలి.

పక్క కుర్చీలో ఆమె మరిది. ఆయనా లెక్కల మాస్టారే.

"పీడా విరగడైంది వదినా. ఇదిగో, వీడు ఐదూ రెండూ హెచ్చించి సగం చేశాడు. అయినా నాలుగు మార్కులు! అదృష్టం అంటే వీడిది."

తర్వాతి పేపరు దగ్గర ఆయన చేయి ఆగింది. ఆ పిల్ల మూడు భుజాల సూత్రం వేసింది. వర్గమూలం కింద రుణసంఖ్య వచ్చింది. కొట్టేసింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే వచ్చింది, మళ్లీ కొట్టేసింది. పేపరు మొత్తానికి మార్కులు ముప్పైమూడు. పాసుకు ముప్పైఅయిదు కావాలి.

"కొట్టేసింది దిద్దం కదా," అన్నాడు మరిది నెమ్మదిగా.

లెక్కలమ్మ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంది. లోకం తీరే అంత: తప్పు చేసినవాడు నిబ్బరంగా గీత గీసి జవాబు రాస్తాడు, నిజం తగిలినవాడు తన తెలివినే అనుమానిస్తాడు.

"అచ్చువాడి తప్పును తనదనుకుంది, పిచ్చిపిల్ల. ఈ ఒక్క ప్రశ్నకు కొట్టేసినా ప్రయత్నమే."

"అమ్మా తల్లీ! అలా అయితే మిగతా కట్టల్లో కొట్టేసినవన్నీ వెతకాలి. ఆ అచ్చు ఇంకెన్ని కేంద్రాలకు వెళ్లిందో!"

"వెతకాలి."

"మనవాళ్లు సగంమంది వెళ్లిపోయారు వదినా. నువ్వు చూస్తే కూర్చోలేక లేవలేక ఉన్నావు. చూడనట్టు వదిలెయ్యకూడదూ?"

"చూశాక ఎలా వదలను? వద్దనుకుంటే నువ్వెళ్లు, ఏమీ అనుకోను."

కొట్టేసినా ప్రయత్నమేనని ఆమె కాగితం మీద రాసి సంతకం చేసింది. ఆఫీసరు చదివి, నిట్టూర్చి, బోర్డుకు పంపాడు. సరేనని జవాబొచ్చేదాకా ఎవరూ సీళ్ల జోలికి పోలేదు. వచ్చాక లెక్కలమ్మ ఆ పిల్ల పేపరు మీద ముప్పైమూడు కొట్టేసి ముప్పైఏడు వేసి, పక్కన పొట్టి సంతకం చేసింది.

మరిది సణుగుతూనే రెండో కట్ట దారం విప్పాడు.

"సగం ఇటు తొయ్యి," అంది ఆమె, నడుం వెనక సంచి సర్దుకుంటూ.