నాలుగో నిమిషం దగ్గర గుట్ట

మా నాయన అయ్యాసామికి నల్లరేగడి తప్ప ఇంకో నేల నేలే కాదు. అరవై ఆరేళ్లు. తమిళనాడులోని మా ఊరు ఏళాయిరంపన్నైలో మినుములు, మొక్కజొన్న, వాన కరుణిస్తే పత్తి వేస్తాడు. వీధిలో తమిళం, ఇంట్లో మా తెలుగు. ఎవరు విన్నా వినకపోయినా సేద్యం గురించి చెప్పడం ఆయనకు సరదా. వినేవాళ్లను నేను తెచ్చిపెడతానని మూడేళ్ల కింద ఆయన పేరున యూట్యూబ్ చానల్ తెరిచాను. ఆ గర్వమే నా కళ్లు కప్పింది.

నేను శివకాశిలో ఒక ప్రెస్సులో టపాకాయల పెట్టెలకు డిజైన్లు వేస్తాను. కాబట్టి వీడియో పైన కనిపించే థంబ్‌నెయిల్ బొమ్మ నాకు చేయి తిరిగిన పని. మొదట్లో వందమందికి కనిపిస్తే ముగ్గురు నొక్కేవారు. పసుపు మీద ఎర్రక్షరాలు వేసి, నాయన గుప్పిట్లో విత్తనాలు పెద్దవి చేసి చూపించాక ఎనిమిదిమంది నొక్కారు. కానీ ఎంతమంది ఎంతసేపు నిలిచారో చెప్పే రిటెన్షన్ గ్రాఫ్ మొదటి అర నిమిషంలోనే సగానికి కూలింది. బొమ్మలో విత్తనం చూసి వచ్చినవాడికి నాయన దగ్గు, ఊరందరి కుశలం ఎందుకు? తరువాతి వీడియో విత్తనంతోనే మొదలుపెట్టాను. గీత నిలబడింది.

ఇక ఆ గీత పడిన చోటల్లా ఏముందో వెతకడం పట్టుకున్నాను. నాయన మాట మధ్యలో ఆగితే పడేది. చెప్పిందే చెప్తే పడేది. అందుకని ఆగినవీ, రెండోసారి చెప్పినవీ పనికి తీసుకుపోయే ప్రెస్సు వ్యానులో కూర్చుని ఫోనులోనే కోసేసేదాన్ని. నలభై నిమిషాలు తీస్తే ఏడు మిగిలేవి. చోటు చాలక అసలు రికార్డింగులు చెరిపేసేదాన్ని. ఈమధ్య మీ నాయన చెప్పిందే చెప్తున్నాడని అమ్మ వీరమ్మాళ్ ఒకసారి అంటే, ఏం ఫరవాలేదు, నేను కోసేస్తానన్నాను. ఎంత తెలివైనదాన్నో!

పోయిన సెప్టెంబరు ఆఖరున, పురట్టాసి నెలలో, విత్తే ముందు, మినుముల విత్తనశుద్ధి వీడియో పెట్టాము. చల్లారిన గంజిలో జీవన ఎరువు పొట్లం ఒకటి కలిపి, విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టడం. గ్రాఫ్ నిదానంగా దిగుతూ పోయి నాలుగో నిమిషం దగ్గర గుట్టలా లేచింది. జనం వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారన్నమాట. సంబరపడిపోయి, ఆ ముక్కనే పెంచి తరువాతి వీడియో చేద్దామనుకున్నాను.

కామెంట్లు చదివాక సంబరం దిగింది. పొట్లం ఒకటా రెండా అని అందరిదీ అదే ప్రశ్న. మెచ్చి కాదు, అర్థంకాక వెనక్కి వెళ్లారు. చూస్తే, నాయన రెండో నిమిషంలో ఒక పొట్లం పోశాడు. నాలుగో నిమిషంలో ఇంకొకటి విప్పి, అదే మొదటిదన్నట్టు పోశాడు. కోసేటప్పుడు నా ధ్యాసంతా మాటల మీదే, చేతుల మీద లేదు.

అదృష్టమో దురదృష్టమో, ఆ ఒక్క రికార్డింగు ఇంకా చెరపలేదు. ఫోను స్టాండుకు తగిలించి నేను లోపలికి పోయినప్పుడు తీసింది. తెరిచాను. అందులో పొట్లాలు మూడు. ఒకదాన్ని నేనే కోసి పారేశాను, చెప్పిందే చెప్తున్నాడని. నడుమ నాయన ఖాళీ కవరు పట్టుకుని, ఇదెక్కడిదన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు. ఒక నిమిషం పదకొండు సెకన్లు. ఆ ముక్కా నేను కోసేసిందే.

డాక్టరు దగ్గరికి రమ్మంటే నాయన ఒప్పుకోలేదు.

"నేనేమి మరిసితిని పాపా? వీడియో చూడు. యాడైనా నిలిస్తినా?" అని తన ఫోను నా ముందు పెట్టాడు.

చివరికి మోకాళ్ల నొప్పికి చూపిద్దామని అబద్ధమాడి, అమ్మతో కలిసి విరుదునగర్‌లో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

అక్కడ డాక్టరు మతిమరుపు ఎన్నాళ్లనుంచి అని తమిళంలో అడిగారు. అమ్మ నావైపు చూసింది. నాయన మాత్రం నవ్వుతూ పోయినేడాది పత్తి వీడియో తీసి ఆయనకు చూపించాడు. ఏడు నిమిషాలు, ఒక్క తడబాటు లేదు. డాక్టరు చివరిదాకా ఓపికగా చూశారు. పోయినేడు ఇంత తేటగా మాట్లాడారంటే ఇది ఈమధ్యే మొదలై ఉంటుందని రాసుకోబోయారు.

రాయకండి అన్నాను. అది నేను కోసి అతికించింది, అందులో నాయన ఎన్నిసార్లు ఆగాడో, ఎంతసేపు ఆగాడో ఇప్పుడు చూపించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు అని చెప్పాను. చెప్తుంటే ఏడుపు ఆగలేదు.

నాయన ఫోనులో తన ముఖాన్ని చూసుకున్నాడు. తరువాత మెల్లగా, మా తెలుగులో అడిగాడు.

"అయితే నేను అప్పుడే మరిసిపోతుంటినా పాపా? నాకు చెప్పకుండా కోస్తివా?"