కాశప్ప ఇంటి కడపటి చీర

మా కౌతాళం పల్లెల్లో ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పందే మన్ను వేయరు. మొగుడు కొన్నది చెల్లదు, కొడుకులు పట్టుచీర తెచ్చినా చెల్లదు. అన్నో తమ్ముడో తేవాలి, వాళ్ళు లేకుంటే వాళ్ళ కొడుకు తేవాలి. ఈ పని కోసమే పుట్టినట్టు బతికినవాడు మా కాశప్ప.

వాళ్ళమ్మ ఎంతమందిని కన్నదో ఆమెకే సరిగ్గా గుర్తుండేది కాదు. మొదటి బిడ్డలు అమ్మవారు పోసి కొందరు, వాంతులు బేదులతో కొందరు దక్కకుండా పోయారు. తర్వాత ఊరికి టీకాలు వచ్చాయి, ఆదోని ఆసుపత్రికి పోయే బస్సు వచ్చింది, పుట్టినవాళ్ళు బతకసాగారు. అయినా కనడం ఎవరూ తగ్గించలేదు. సగంమందిని మన్నులో పెట్టిన తల్లికి ఆ భయం ఒక్క సూదితో పోదు కదా. అట్లా అయిదుగురు ఆడపిల్లలు, కడగొట్టున కాశప్ప నిలిచారు.

అయిదుగురు అక్కలంటే మాటలా? వాళ్ళకు పుట్టిన పిల్లలందరికీ మేనమామ ఇతనొక్కడే. ఉరుకుంద ఈరన్న గుళ్ళో పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డను మేనమామ తొడమీద కూర్చోబెట్టాలి. ప్రతి శ్రావణంలో ఎవరో ఒక అక్క బిడ్డతో దిగేది. "ఈరన్నస్వామి కంటే కాశప్ప తొడ మీదే ఎక్కువ వెంట్రుకలు రాలినాయప్పా" అని మేం ఎగతాళి చేసేవాళ్ళం. అతను నవ్వుకుంటూ పంచె దులుపుకునేవాడు.

జనం నిలిచారు గానీ చేను పెరగలేదు. కాశప్ప తాత చేను కొడుకులకూ, వాళ్ళ కొడుకులకూ పంచి పంచి చివరికి గట్లకే సగం పోయింది. దాయాదులు బళ్ళారి, బొంబాయి, బెంగళూరు అని తలా ఒక దిక్కు పట్టారు. కాశప్ప మాత్రం మిగిలిన ముక్కలో పత్తి పెట్టుకుని ఇక్కడే ఉన్నాడు. కూతురు మల్లేశ్వరి, కొడుకు వీరేష్ పుట్టగానే అతని భార్య క్యాంపులో ఆపరేషన్ చేయించుకుంది. "పుట్టినోళ్ళు బతుకుతాండారు, ఇంగ సాలు" అనింది. తప్పేముంది? ఊరంతా అదే చేసింది. "ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు" అని సణిగిన ముసలివాళ్ళు ఆ పిల్లలకు కూడు పెట్టడానికి మాత్రం రాలేదు. వీరేష్ బెంగళూరులో మేడలకు ఇనుప కమ్మీలు కట్టే పనికి పోయాడు. వాడికి ఒక్కతే కూతురు, ఇందు. ఆ ఊరి బాడుగలకూ బడి ఫీజులకూ రెండో బిడ్డ మాటే ఎత్తలేదు.

భార్య పోయాక కాశప్ప పని మారింది. అక్కలు ఒకరి తర్వాత ఒకరు పోసాగారు. ఫోన్ రాగానే ఎమ్మిగనూరు పోయి నేతచీర కొని, చంకలో పెట్టుకుని బస్సెక్కేవాడు. తిరిగి వచ్చి నా టీ అంగట్లో కూర్చుని గ్లాసు చల్లారిపోయేదాకా ముట్టేవాడు కాదు. నాలుగు చీరలు అట్లా మోశాడు. మిగిలింది హులిగమ్మ ఒక్కతే, మద్దికెర దిక్కు పల్లెలో. ఆమె కొడుకులిద్దరూ పెళ్ళాలతో ఏటా గుంటూరుకు సుగ్గికి పోతారు, మిరపకాయలు తెంచడానికి. అప్పుడు ఆ ఊళ్ళో ముసలివాళ్ళూ కుక్కలే ఉంటారు.

పోయిన దసరా అయ్యాక కాశప్పకు ఆయాసం పట్టుకుంది. అతని దిగులు చావు గురించి కాదు.

"నేను ముందు పోతే అక్కకు చీర తెచ్చేటోడెవరప్పా?" అన్నాడు నాతో.

"వీరేష్ ఉండాడు కదన్నా."

"వాడొక్కడే కదప్పా. ఆ పొద్దు యాడుంటాడో, మేస్త్రీ పంపుతాడో లేదో."

చివరికి ఎవరూ చేయని పని చేశాడు. చీర కొని, బతికున్న అక్కకు ఇచ్చి వస్తానన్నాడు. పండగా కాదు, పబ్బమూ కాదు. వద్దన్నా వినలేదు. ఒంటరిగా పంపలేక నేనూ పోయాను.

సంచిలోంచి చీర తీయగానే హులిగమ్మకు అర్థమైంది. పక్కింటి ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమిరా కాశా, నేను సచ్చినానని ఎవురన్నా సెప్పినారా నీకు?"

"అట్ల గాదుక్కా. పెట్టెలో పెట్టుకో. ఎవురున్నా లేకున్నా ఆ పొద్దుకు ఈడ ఉంటాది."

ఆమె తిట్టింది, ఏడ్చింది, ఆనక జొన్నరొట్టె పెట్టింది. చీరను పెట్టెలో అడుగున దాచింది. బస్సులో కాశప్ప తేలికపడి నిద్రపోయాడు. అతన్ని అంత నిమ్మళంగా నేనెప్పుడూ చూడలేదు.

సంక్రాంతికి ముందే కాశప్ప పోయాడు. వీరేష్ వచ్చాడు, మన్నూ అయింది. అప్పుడే హులిగమ్మ కొంగులోంచి ఆ చీర తీసి మేనల్లుడి చేతిలో పెట్టింది.

"నా పెట్టెలోది నా సీర అయితాది గానీ పుట్టింటిది యాడైతాది నాయనా? మీ చేత్తో రావల్ల. దీన్ని నువ్వే తే."

"తెస్తాలే అత్తా" అని వాడు బెంగళూరుకు తీసుకుపోయాడు. ఆ పొద్దే నేను నోరు విప్పి, ఆ చీర నీ పెట్టెలోనే పెట్టుకో తల్లీ అని హులిగమ్మకు చెప్పాల్సింది. ఆచారం మాట అడ్డం రాగానే మాకందరికీ నోళ్ళు పడిపోతాయి.

శివరాత్రి దాటాక హులిగమ్మ నిద్దర్లోనే పోయింది. కొడుకులు గుంటూరు నుంచి రాత్రంతా లారీలో వచ్చారు. పుట్టింటికి కబురు చేయాలంటే వాళ్ళ దగ్గర ఉన్నది మామ నంబరొక్కటే. ఆ ఫోన్ కాశప్పతోనే మూగబోయింది. వాళ్ళనూ వీళ్ళనూ అడిగి ఎమ్మిగనూరులో ఉన్న మల్లేశ్వరి నంబరు పట్టేసరికి తెల్లారింది. ఆమె తమ్ముడికి చెప్పి, నాకు చెప్పి, దారిలో ఒక చీర కొనుక్కుని వచ్చింది. నేను పోయేసరికి బొంద జేసీబీతో తవ్వుతున్నారు. తవ్వే వయసున్నవాళ్ళు మిరపతోటల్లో ఉన్నారు మరి.

మల్లేశ్వరి చీర విప్పబోతే ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నీకు పెండ్లయింది తల్లీ. నువ్వు తెస్తే మీ అత్తగారింటి సీర అయితాది." నాకు ఒళ్ళు మండింది. కాశప్ప కూతురు కాదా ఈమె? అడిగాను కూడా. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఎండ ముదిరింది, శవం ఆగేట్టు లేదు. వీరేష్ ఇంకా గుంతకల్లు దరిదాపుల్లోకి కూడా రాలేదని ఫోన్‌లో చెప్పాడు. కొడుకుల చీర కప్పి మన్ను వేశారు. మల్లేశ్వరి తన చీరను ఒళ్ళో పెట్టుకుని అట్లానే కూర్చుండిపోయింది.

వీరేష్ పొద్దు వాలే వేళకు వచ్చాడు. బ్యాగులోంచి చీర తీసి పచ్చి మన్ను మీద పరిచాడు. గాలికి లేస్తుంటే నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. కాశప్ప కొన్నప్పటి మడతలు ఇంకా పోలేదు.

"పెట్టెలోనే ఉండనిచ్చింటే సరిపోయేది గదన్నా" అన్నాడు నాతో. అవునన్నాను. ఇప్పుడనడానికి నాకు నోరొచ్చింది.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు వాడి కూతురు ఫోన్ చేసింది. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది. వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మా ఇందూకు అన్నదమ్ముల్లేరన్నా" అన్నాడు. అప్పుడే ఆదోని బస్సు వచ్చింది, ఎక్కాం.