ఊరందరి పాస్‌వర్డ్

జగ్గయ్యపేట బస్టాండు ఎదుట కరీముల్లా నెట్ సెంటర్ పెట్టి పద్దెనిమిదేళ్లయింది. హాల్‌టికెట్టు కావాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా మేమంతా అతని దగ్గరికే పోతాం. మనిషి మంచివాడే, బద్ధకం పాలే కాస్త ఎక్కువ. ఆ బద్ధకం ఈమధ్య ఒక కాపురం మీదికొచ్చింది.

పప్పుల హోల్‌సేల్ వ్యాపారి రామకోటేశ్వరరావుగారు సోమవారం వచ్చి, జనం పలచబడేదాకా బల్ల మీద కూర్చున్నారు. మూలన ఫారం నింపుకుంటున్న నన్ను లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

"ఈ బిట్‌కాయిన్ ఏదో కట్టిపెట్టయ్యా, కరెంటు బిల్లు కట్టినట్టు" అంటూ ఫోను చాపారు.

అందులో ఇంగ్లీషు మెయిల్. నువ్వు చూడకూడనివి చూస్తుంటే నీ కంప్యూటర్ కెమెరాతోనే రికార్డు చేశాను, వారం రోజుల్లో డబ్బు పంపకపోతే నీ వాళ్లందరికీ పంపిస్తాను, నమ్మకపోతే ఇదిగో నీ పాస్‌వర్డ్, అని ఉంది. ఆ పాస్‌వర్డ్ ఇర్ఫానా, పక్కన 786.

కరీముల్లాకి తాగుతున్న టీ కొరబోయింది.

"శెట్టిగారూ, మీ కంప్యూటర్‌కి కెమెరా ఉందా?"

"ఎక్కడిది? బిల్లులు కొట్టే పాత డబ్బా."

"మరి దేంతో తీశాడండి?"

"నా బాధ కెమెరా కాదయ్యా. మా ఆవిడ ఇది చూసి, ఎవరీ ఇర్ఫానా అంటోంది. నాకేం తెలుసు? మూడ్రోజులైంది మాట్లాడి. కట్టేస్తే ఆ పేరు ఊళ్లో పడకుండా ఉంటుందని వచ్చా."

కరీముల్లా అప్పటికప్పుడు శెట్టిగారి భార్య సీతారావమ్మగారికి ఫోను చేసి స్పీకర్లో పెట్టాడు. "అమ్మా, ఇర్ఫానా మా ఇంటావిడండి. మీ అమ్మాయి చందన పేరు శెట్టిగారి మెయిల్‌తో పెళ్లిసంబంధాల సైటులో పెట్టినప్పుడు పాస్‌వర్డ్ నేనే పెట్టా. ఆ సైటులో మెయిళ్లూ పాస్‌వర్డులూ ఎప్పుడో దొంగలు ఎత్తుకుపోయారు. ఆ లిస్టు చూసి వేలమందికి ఇదే మెయిల్ కొడుతున్నారు. వీడియో గీడియో ఏం లేదండి."

"మీ ఆవిడ పేరు మా ఆయనకెందుకు పెట్టావయ్యా?"

"మర్చిపోనని. పేటలో సగం మందికి అదే పెట్టా."

అవతల నవ్వు మాకూ వినబడింది. శెట్టిగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు.

డబ్బు కట్టలేదు, జవాబూ ఇవ్వలేదు. కరీముల్లా సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, మెయిల్‌కీ బ్యాంకుకీ వేర్వేరు కొత్త పాస్‌వర్డులు శెట్టిగారి చేతే పెట్టించి, మెయిల్‌కి ఓటీపీ కూడా పెట్టాడు. తర్వాత పాత పాస్‌వర్డ్ ఉన్నవాళ్లందరికీ వారం రోజులు ఫోన్లే. తప్పు నాదేనని ఒక్కొక్కరికీ చెప్పాడు. అందులో నేనూ ఉన్నాను.

అన్నిటికన్నా కష్టమైంది ఇంట్లో చెప్పడం. ఇర్ఫానా తిట్టలేదట. "ఊరంతా నా పేరు కొట్టారు. నువ్వేమో ఒక్కనాడూ పిలవలా. ఎప్పుడూ ఏమే, ఇదిగో" అందట. అది తనకి తగిలిందని కరీముల్లానే నాతో అన్నాడు.

మర్నాడు ఆమె క్యారియర్ తెచ్చేసరికి షాపు నిండా మేమే.

"ఇర్ఫానా" అన్నాడు కరీముల్లా, కాస్త తడబడి. "ఇలా వచ్చి కూర్చో."

మాలో ముగ్గురం పాత అలవాటుగా కీబోర్డుల మీద చేతులు పెట్టాం, పాస్‌వర్డ్ చెబుతున్నాడనుకుని.