నాయన గుండెకు బేరం

మా పెద్దనాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన పోయి చాలా ఏళ్లయింది, కోపం మాత్రం పోలేదు. నోరు మూసుకుని కూర్చున్న నా మీద ఇంకా ఎక్కువ కోపం.

రెండువేల ఐదారు ప్రాంతంలో హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో బుట్ట ఎత్తబోయి నాయన ఎద పట్టుకుని కూలబడ్డాడు. ఊళ్లో డాక్టరు బెంగళూరుకు పంపాడు. అక్కడ తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం గుండె దాకా పంపి, మందు వదిలి ఎక్స్‌రేలో చూశారు. అదే యాంజియోగ్రామ్. నాయనను వార్డుకు చేర్చి, డాక్టరమ్మ పెద్దనాయననూ నన్నూ తెర ముందు కూర్చోబెట్టింది. నల్లగా పారే మందు కొన్నిచోట్ల దారంలా సన్నబడి కనిపించింది.

"పక్కనున్న మంచి భాగంతో పోల్చి ఎంత సన్నబడిందో అంచనా వేస్తాం. కుడి నాళంలో తొంభై శాతం. ఎడమ కొమ్మలు రెండిట్లోనూ ఎనభై. ఆ కొమ్మలు చీలకముందు, మొదట్లోనే, అరవై. బైపాస్ చేయాలి" అంది.

పెద్దనాయన నలభై ఏళ్లు గూళ్లు కొన్న మనిషి. రాశిలోంచి పిడికెడు తీసి, నూటికెన్ని చెడ్డవో చెప్పి ధర తగ్గించేవాడు. ఇక్కడా అదే పని మొదలుపెట్టాడు.

"తొంభైదానికి స్టెంటు ఎయ్యండమ్మా. అరవైదానికేముండాది, ఇంకా నలభై బాగుండాది కదా. దాన్ని వదిలెయ్యండి."

"వదలకూడనిది అదే. మిగతా చోట్ల డెబ్భై దాటితే ఎక్కువంటాం, మొదట్లో యాభైకే. ఎడమవైపు రక్తమంతా అందులోంచే పోవాలి. పైగా ఆయనకు షుగరు, మూడు నాళాలూ పాడయ్యాయి. ఒకటి రెండు చోట్లే అయితే స్టెంటు వేసి పంపేదాన్ని. ఈయనకు రొమ్ములోంచి, కాల్లోంచి నాళాలు తీసి, అడ్డం దాటించి కుట్టాలి."

బయటికి రాగానే పెద్దనాయన నాతో అన్నాడు: "వానికి చెప్పొద్దు పాపా, బయపడతాడు. స్టెంటుకే ఒప్పిద్దాం."

నేను పెనుకొండ హైస్కూల్లో సైన్సు టీచరును. డాక్టరమ్మ చెప్పింది నాకు బాగా అర్థమైంది. అయినా మా ఇంట్లో పెద్దనాయన మాటకు ఎదురులేదు. రోగికి తెలియకుండా పెద్దలు తేల్చేయడం మా అలవాటు, సిగ్గులేని అలవాటు. ఆయన రెండు రోజులు డాక్టరమ్మతో బేరమాడుతుంటే, నేను నాయనకు ఇడ్లీ తినిపిస్తూ "ఉత్త గ్యాసే నాయనా" అన్నాను.

మూడోరోజు బాత్రూమ్‌కు నాలుగడుగులు నడిచేసరికే నాయనకు నొప్పి వచ్చింది. ఇక ఆగలేక అంతా చెప్పేశాను. కాగితం మీద బొమ్మ గీసి చూపించాను.

"రెండు కొమ్మలకూ మొదలు ఇదేనా? ఇది మూసుకుంటే?"

నేను ఆ మొదలు మీద అడ్డంగా గీత గీసి, కింద రెండు కొమ్మలూ కొట్టేశాను.

"కోయించుకుంటా. కాయితాలు తెమ్మను" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. "ఇది నీకెప్పుడు తెలిసె?"

"మొన్న."

"మొన్నట్నుంచి గ్యాసని చెప్తాండావా?"

పెద్దనాయన వచ్చి అడ్డుపడబోతే, నాయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్న మీద అరిచాడు. "నా గుండెకు బేరమాడేకి నువ్వెవరన్నా?"

సంతకం తానే పెట్టాడు. ఆపరేషన్ తర్వాత పదేళ్లకు పైగా బతికాడు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా నన్ను బయటే కూర్చోమని, లోపలికి ఒక్కడే వెళ్లేవాడు.