డియర్ ఫ్రెండ్‌కి మిరప నారు

కొందరికి తెలివి ఎక్కువైతే దాన్ని పక్కవాళ్ల వ్యాపారం మీద ప్రయోగిస్తారు. మా ఆడపడుచు భర్త ఆ రకం. హైదరాబాదులో ఏదో డిజిటల్ కోర్సు చేసి వచ్చి, సత్తెనపల్లి రోడ్డు మీద ఉన్న మా మిరప నర్సరీని ఉద్ధరిస్తానని కూర్చున్నాడు. నారు అప్పటికి అందివచ్చింది. షేడ్‌నెట్ కింద ట్రేలు నిండుగా ఉన్నాయి. అదునులో పోకపోతే నారు ముదిరిపోతుంది, ముదిరిన నారును ఎవరూ ముట్టరు. ఏడాది సంపాదనంతా ఆ ట్రేలలోనే ఉంది.

"చెల్లెమ్మా, ఫేస్‌బుక్ పేజీ పెట్టాం కదా, రేటు పోస్టులో పెట్టకూడదు. ప్రైస్ అని కామెంట్ పెట్టమను. పెట్టినోళ్లకి మెసేజ్ దానంతటదే పోద్ది. మాటలు కలుస్తాయి, అమ్మకం అయిపోద్ది" అన్నాడు.

"మనోళ్లు ప్రైస్ అని పెడతారా అన్నయ్యా?" అన్నాను.

"నేర్చుకుంటార్లే."

పల్నాడు రైతు ఈయన కోసం ఇంగ్లీషు నేర్చుకుంటాడట! పోస్టు కింద కామెంట్లు కుప్పలుగా వచ్చాయి. 'రేటెంత', 'retu cheppandi', 'మూడెకరాలకి కావాల'. సగం మంది ఫోన్ నంబరు పెట్టి 'కాల్ చేయండి' అని వదిలేశారు. మన దగ్గర బేరమంటే ఫోనే కదా. ప్రైస్ అన్న మాట ఒక్కరూ రాయలేదు కాబట్టి మెసేజ్ పంపాల్సిన మెషిన్ నోరు మూసుకుని కూర్చుంది. అప్పుడు మా మేధావి ఏ కామెంటు వచ్చినా మెసేజ్ వెళ్లేలా మార్చాడు. 'హాయ్ డియర్ ఫ్రెండ్! మా ప్రీమియం మొక్కల కోసం ఈ లింక్ నొక్కండి' అని అందరికీ ఒకటే పాట. కామెంటు కింద 'ఇన్‌బాక్స్ చూడండి' అని ఇంకో ముక్క. తెలియని పేజీ నుంచి వచ్చిన మెసేజ్ మామూలు ఇన్‌బాక్స్‌లో కాక విడిగా రిక్వెస్టుల్లో పడి ఉంటుంది. అక్కడికి వెళ్లి చూసే రైతు ఎవరు? చూసినవాడు లింకంటే మోసమనుకుని భయపడ్డాడు.

ఆయన మాత్రం రోజూ ఫోన్ చేసి రీచ్ పెరిగిందని, పోస్టు ఇంతమంది చూశారని పండగ చేసుకునేవాడు. ఇక్కడ నారు పెరుగుతోంది. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఆ కామెంట్లన్నీ నేనే చదవడానికి కూర్చున్నాను. మధ్యలో మా బాబాయి పేరు కనిపించింది. 'అమ్మా, మూడెకరాలకి నారు కావాల, రేటు చెప్పు' అని ఫోన్ నంబరుతో సహా రాశాడు. దాని కింద నా పేజీ పేరుతోనే 'ఇన్‌బాక్స్ చూడండి' అని జవాబు.

వెంటనే ఫోన్ చేశాను.

"నాటేశానమ్మా" అన్నాడు. "అమ్మా అని అడిగితే డియర్ ఫ్రెండ్ అంటివి. ఏందో, పిల్లకి తీరిక లేదనుకున్నా. అవతలి ఊరి నర్సరీవోళ్లు నా నంబరు చూసి చేశారు. రేటు చెప్పి, ఆటోలో ట్రేలు దించిపోయారు."

మా పోస్టు కింద రైతులు పెట్టిన నంబర్లకు వాళ్లు తాపీగా ఫోన్లు చేసుకున్నారన్నమాట. దండోరా మాది, బేరం వాళ్లది. ఎంత సిగ్గుచేటు!

ఇక అన్నయ్యగారి మాట వినలేదు. పాత కామెంట్లకు మళ్లీ మెసేజ్ పంపుదామంటే కుదరదు. కామెంటుకు ఒకసారే పోతుంది, అవతలివాళ్లు బదులిస్తేనే మాట ముందుకు సాగుతుంది. ఆ ఒక్క అవకాశాన్నీ డియర్ ఫ్రెండ్ తినేశాడు. నంబర్లున్న వాళ్లకు నేనే ఫోన్ చేసి, ఆ కామెంట్లు బయటికి కనబడకుండా దాచేశాను. అరచేతిలో నారు వేర్లు కనబడేలా ఫొటో తీసి కొత్త పోస్టు పెట్టాను. రేటు, రేటెంత, retu, నారు, కావాల... జనం ఎలా రాస్తారో ఆ మాటలన్నీ మెషిన్‌కి ఎక్కించాను. మెసేజ్‌లో ముందే రేటు చెప్పి, 'ఏ ఊరు, ఎన్ని ఎకరాలకి?' అని అడిగాను. ఎవరైనా బదులు పెట్టగానే మెషిన్‌ని పక్కకు తోసి నేనే గొంతు రికార్డు చేసి పంపాను. గురజాల నుంచి, మాచర్ల నుంచి బండ్లు వచ్చాయి. నారు చానావరకు పోయింది. ముదిరిపోయిన మిగతా ట్రేలు దిబ్బలో పోశాము.

మా అన్నయ్యగారు ఆ బండ్ల ఫొటో తన పేజీలో పెట్టుకుని 'నా క్లయింట్ విజయం' అని రాసుకున్నాడు. సిగ్గూ ఎగ్గూ లేని జన్మ.

పూత సమయంలో బాబాయి చేను మీదుగా వెళ్లాను. చేను పచ్చగా, ఏపుగా ఉంది. చూసి నాకు కుళ్లు పుట్టింది. గట్టు మీద బాబాయి తల దించుకుని అన్నాడు.

"నారెక్కడిదని ఊళ్లో అందరూ అడుగుతున్నారమ్మా. మా అమ్మాయి నర్సరీదేనని చెబుతున్నా. సొంత బాబాయే బయటినుంచి తెచ్చాడంటే నిన్ను చిన్నచూపు చూస్తారని."

తల కొట్టేసినట్టయింది. సరే బాబాయ్ అని మాత్రం అన్నాను.