అరవై మూడా, అరవై ఎనిమిదా

నాకు కోపం తొందరగా వస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ నా చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉంది, ఊరు ఇంకా మంచిది కాలేదు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, నేను రాయబోయేది ఒక లెక్క గురించి. లెక్కల గురించి ఎవరూ కోపంగా రాయరు. నాకు మాత్రం ఆ లెక్క పేరెత్తితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది నారాయణగూడ. ఇంట్లో టీవీ, చుట్టాలు, మిక్సీ, అన్నీ ఒకే గదిలో ఉన్నట్టుండేవి. అందుకని చదువుకోవడానికి చిక్కడపల్లి లైబ్రరీకి నడిచి వెళ్లేదాన్ని. అక్కడ లోపల కుర్చీ దొరకడమే ఒక పోటీ పరీక్ష. దొరకనివాళ్లం బయట గోడ నీడన కూర్చునేవాళ్లం, ఎండ జరిగినకొద్దీ మేమూ జరిగేవాళ్లం. ఆ జరగడంలోనే అక్క పరిచయమైంది. సర్కారు ఉద్యోగాల కోచింగులకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో, ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. ఊళ్లో బడి నుంచి డిగ్రీ దాకా అంతా తెలుగు మీడియమే. నాకంటే బాగా పెద్దది. ఉద్యోగానికి పెట్టిన వయసు పరిమితి ఆమె మెడ దాకా వచ్చేసింది, మేం చదువుతున్న ఆ పరీక్షే ఆమెకు ఆఖరిది. దాని గురించి ఆమె ఏడ్చేది కాదు, మాట్లాడేది కూడా కాదు. ఎవరైనా వయసు అడిగితే మాత్రం నీళ్ల బాటిల్ నింపుకోవడానికి లేచేది.

నాకు రీజనింగ్ రాదు. ఆమెకు అది అన్నం తిన్నంత తేలిక. ఒకరోజు నేను నాకౌట్ టోర్నమెంట్ లెక్క చేస్తూ ఆమెకు కనిపించాను. అరవై నాలుగు మంది ఆడితే మొత్తం ఎన్ని మ్యాచ్‌లు? నేను ముప్పై రెండు, పదహారు, ఎనిమిది అని గీతలు గీసుకుంటూ కూడుతున్నాను.

"ఎందుకే గంత పరేషాన్?" అంది అక్క. "ఒక్కో మ్యాచ్‌కు ఒక్కరు ఇంటికి వోతరు. ఆఖరికి మిగిలేది ఒక్కరే. అంటే అరవై మూడు మంది ఇంటికి వోవాలె. గందుకే అరవై మూడు మ్యాచ్‌లు. గెలిచేటోళ్లను లెక్కవెట్టకు, వోయేటోళ్లను లెక్కవెట్టు."

"అశోక్‌నగర్ల గెలిచేటోళ్లు యాడ కనవడ్తరు, లెక్కవెట్టనీకె," అన్నాను.

ఆమె నవ్వింది. తర్వాత అసలు చిక్కు విప్పింది. గెలిచినవాడు అందరికంటే గొప్ప ఆటగాడు, సరే. అందరిలో రెండో గొప్ప ఆటగాడు ఎవరు? ఫైనల్లో ఓడినవాడు అన్నాను, ఆలోచించకుండా. లోకమంతా అదే అంటుంది కదా, వెండి కప్పు వాడికే ఇస్తారు.

"రెండో గొప్పోడు మొదటి రౌండ్లనే మొదటోనికి ఎదురువడ్డడనుకో. అప్పుడే ఇంటికి వోయె. మరి వాడు రెండోవాడు కాకుండ అయితడా?"

నేను ఒప్పుకోలేదు. వాదనలో ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఆమె నన్ను హాస్టల్‌కు తీసుకెళ్లింది. తినే గదిలో ఒక పాత క్యారమ్ బోర్డు ఉండేది, ఒక మూల ఉబ్బి ఉండేది. ఎనిమిది మందిని పోగేసి చీటీలు వేసింది. అక్క ఖర్మకు మొదటి ఆటలోనే ఆ హాస్టల్లో అందరికంటే బాగా ఆడే నర్సింగ్ అమ్మాయి తగిలింది. ఓడిపోయింది. ఏడు ఆటల్లో టోర్నమెంట్ ముగిసింది, నర్సింగ్ అమ్మాయి గెలిచింది. వంటామె చెల్లెలు ఫైనల్లో ఓడి, రెండో స్థానం నాదేనని చేతులు ఊపుతూ తిరిగింది.

"ఆగు," అంది అక్క. "గెలిచిన పిల్ల చేతుల ఓడినోళ్లు ఎవరెవరు? నేను, సెమీస్ల ఒకరు, ఫైనల్ల నువ్వు. మిగిలినోళ్లు గెలిచినామె చేతుల గాదు, ఇంకెవరి చేతులనో ఓడిన్రు. అంటే వాళ్లకంటె పైన ఇద్దరున్నట్టే, వాళ్లు రెండోవాళ్లు కానేకారు. ఇగ మనం ముగ్గురం ఆడుకుంటే చాలు. రెండే ఆటలు."

ఆడారు. సెమీస్‌లో ఓడిన అమ్మాయిని అక్క ఓడించింది, తర్వాత వంటామె చెల్లెల్ని కూడా ఓడించింది. ఏడూ రెండూ తొమ్మిది. వంటామె చెల్లెలు ఆ పూట అక్కకు పప్పు తక్కువ వేసింది. నాకైతే ఆ లెక్క ఇక జన్మలో మరిచిపోనంతగా ఎక్కింది. అరవై నాలుగు మందైతే ఆరు రౌండ్లు, కాబట్టి గెలిచినవాడి చేతిలో ఓడినవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒకరిని తేల్చడానికి ఐదు ఆటలు. అరవై మూడూ ఐదూ అరవై ఎనిమిది.

పరీక్షలో సరిగ్గా అదే వచ్చింది. మంచి ఆటగాడే ప్రతిసారీ గెలుస్తాడనుకోండి అని కూడా రాశారు. అరవై నాలుగు మంది. చూడగానే నవ్వొచ్చింది, అరవై ఎనిమిది పెట్టేసి పేజీ తిప్పాను. బయటికొచ్చాక గేటు దగ్గర అక్కతో అరవై ఎనిమిది పెట్టానన్నాను.

"గది అరవై మూడు గదా," అంది.

ప్రశ్నపత్రం తీసి చూశాం. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. ఇంగ్లీషులో 'బెస్ట్, సెకండ్ బెస్ట్ ప్లేయర్' అని ఉంది. వాళ్లను కచ్చితంగా తేల్చడానికి కనీసం ఎన్ని మ్యాచ్‌లు కావాలని అడిగారు. తెలుగులో 'విజేతను, ద్వితీయ స్థానం పొందిన క్రీడాకారుడిని' నిర్ణయించడానికి అని రాశారు. నేను ఇంగ్లీషు మీడియం దాన్ని, ఎడమవైపే చదివాను. అక్క కుడివైపు. తెలుగులో ఉన్న ప్రశ్నకు అక్క పెట్టిందే సరైన జవాబు. ద్వితీయ స్థానం పొందినవాడంటే ఫైనల్లో ఓడినవాడే, అందుకు ఒక్క ఆట కూడా అదనంగా అక్కర్లేదు. జవాబుల్లో అరవై మూడూ ఉంది, అరవై ఎనిమిదీ ఉంది.

"నువ్వే నేర్పినవ్ గదక్కా నాకు."

"వాళ్లు స్థానం అడిగిన్రు. గొప్పతనం అడుగలే."

జవాబుల తొలి కీ వచ్చింది. అరవై ఎనిమిది. మిగతావి లెక్కేసుకుంటే అక్క సరిగ్గా కటాఫ్ గీత మీద ఉన్నట్టు తెలిసింది. ఈ ఒక్క మార్కు వస్తే ఉద్యోగం, రాకపోతే ఆమెకు ఇక ఏ పరీక్షా లేదు. అభ్యంతరాలు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చన్నారు, అది కూడా ఇంగ్లీషులోనే. తెలుగు తప్పు రాశారని ఇంగ్లీషులో మొరపెట్టుకోవాలి. చిక్కడపల్లిలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని నేనే రాశాను. ఉత్తమ ఆటగాడు వేరు, స్థానం పొందినవాడు వేరు, రెండు భాషల్లో రెండు ప్రశ్నలు ఉన్నాయి, తెలుగు మీడియం అభ్యర్థి తెలుగే చదువుతుంది కాబట్టి ఈ ప్రశ్నను తొలగించండి అని కోరాను. తొలగిస్తే దాని మార్కు ఎవరికీ ఉండదు, గీతా కిందికి దిగుతుంది. బాగా రాశాను. కోపంలో నా ఇంగ్లీషు బాగుంటుంది.

అక్క చదివించుకుని వింది. "తొలగించమంటే నీ మార్కు గూడ వోతది."

"పోనీ."

"నువ్వూ గీత మీదనే ఉన్నవ్. తీసేయమనకు. రెండు జవాబులూ ఒప్పుకొమ్మని రాయి."

"గట్ల ఒప్పుకోరక్కా. తీసేస్తే తీసేస్తరు, లేకుంటే ఉన్నది ఉన్నట్టే పెడ్తరు."

"అయినా గట్లనే రాయి. నీ పేరు గొట్టేసి నా పేరు రాసుకోను."

చాలాసేపు గొడవపడ్డాం. సెంటర్ అతను మానిటర్ల మీద నుంచి మమ్మల్ని చూస్తున్నాడు. నా మార్కు పోతుందన్న భయం నాకూ ఉంది, లేదని చెబితే అబద్ధం. అయినా తొలగించమనే పంపుదామని నిజంగానే పట్టుబట్టాను. ఆమె మౌస్ పట్టుకుని ఆ వాక్యం తనే చెరిపేసింది. రెండు జవాబులూ సరైనవేనని గుర్తించగలరు అని రాయక తప్పలేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. తుది కీలో ఏమీ మారలేదు. ప్రశ్నపత్రం అట్ట మీద చిన్న అక్షరాల్లో ముందే వేసి ఉంది, భాషల్లో తేడా వస్తే ఇంగ్లీషే ప్రమాణం అని. కష్టపడి కుడివైపు తెలుగు వేస్తారు. ఆ తెలుగును నమ్మినవాళ్లదే తప్పంటారు. ఎవరో ఒక మనిషి కుర్చీలో కూర్చుని 'ఉత్తమ' అనే మాట బద్ధకించి 'స్థానం' అని రాసి, టీ తాగడానికి వెళ్లి ఉంటాడు. అతన్ని నేను చాలా రోజులు తిట్టుకున్నాను.

ఎంపికైనవాళ్లలో నేనున్నాను, అడుగునే గానీ ఉన్నాను. అక్క లేదు. ఒక్క మార్కు. అక్క నేర్పిన లెక్కతోనే నేను గీత దాటాను, ఆమె ఆ లెక్క దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో మిఠాయిలు పంచారు. నాకు నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు, పెట్టుకోకపోతే అమ్మ బాధపడుతుంది.

అక్క హాస్టల్ ఖాళీ చేసే రోజు సామాను సర్దడానికి వెళ్లాను. పుస్తకాలన్నీ గదిలో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చేసింది. ఊళ్లో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతానంది. మంచం కింద నుంచి బకెట్టు తీసి అందులో దుప్పటి కుక్కుతుంటే నేను మళ్లీ ఆ అనువాదం చేసినవాడి మీద పడ్డాను. అక్కడితో ఊరుకోలేక ఇంకో మాటా అన్నాను.

"పక్కకే ఇంగ్లీషు ఉండె గదక్కా. ఒక్కసారి అటు జూస్తే అయిపోతుండె."

ఆమె దుప్పటిని అదిమి, బకెట్టు పిడి ఊడిందేమోనని లాగి చూసింది.

"చూసిన," అంది.

అభ్యంతరంలో నేను రాసిందంతా ఆమె తెలుగే చదువుతుందన్న మాట మీదే. రాసేటప్పుడు పక్కనే కూర్చుని ఆమె ఏమీ అనలేదు.

"సెకండ్ బెస్ట్ అని ఉండె. అరవై ఎనిమిదికే పెడ్దామనుకున్న, పెన్ను గూడ ఆన్చిన. మల్ల తెలుగు చదివితే స్థానం అని ఉన్నది. పెద్ద పరీక్ష, రాసినోళ్లు తప్పు రాస్తరా? తెలుగు నాకు తప్పు అర్థం గాదు గదా. ఇంగ్లీషే నాకు సరిగ వస్తలేదనుకున్న."